బరువు చూసి తీసేశారని ఎలా నిరూపిస్తారు?

"రిసెప్షనిస్ట్ కావలెను. ఏదైనా డిగ్రీ. ప్రెజెంటబుల్‌గా ఉండాలి. ఫుల్ సైజ్ ఫోటో వాట్సాప్ చేయండి." అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో గోడ మీద ఇలాంటి కాగితం కనిపిస్తే ఎవరూ రెండోసారి చదవరు. అంత మామూలైపోయింది. నలభై మంది ఫోటోలు పంపారనుకుందాం. ఆరుగురికి ఫోన్ వస్తుంది, మిగతా ముప్ఫై నాలుగు మందికి రాదు. లావుగా ఉన్నందుకా, నల్లగా ఉన్నందుకా, పళ్లు ఎత్తుగా ఉన్నందుకా, లేక నిజంగానే వాళ్లకన్నా పనికొచ్చేవాళ్లు దొరికారా? ఆ కారణం ఏ కాగితం మీదా ఉండదు. ఎంపిక చేసిన మనిషిని నిలదీస్తే ఆయనకే సరిగ్గా తెలియకపోవచ్చు.

రూపాన్ని బట్టి, బరువును బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కొన్ని దేశాలు, నగరాలు చట్టాలు చేశాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఆ పని 1976లోనే చేసింది. ఇన్నేళ్ల అనుభవంలో తేలింది ఏమిటంటే, ఈ చట్టాలకు ఎక్కువగా దొరికేది కారణాన్ని రాసిపెట్టిన యజమాని, లేదంటే నోరు జారిన యజమాని. మౌనంగా పక్కన పెట్టేసేవాడు దాదాపుగా దొరకడు. అలా ఎందుకవుతుందో చూడాలంటే ఒక కేసును మొదటినుంచి చివరిదాకా చూడటం మేలు. ఇది డెన్మార్క్‌ది.

బిల్లుండ్‌లో ఏం జరిగింది

లెగో బొమ్మల కంపెనీ పుట్టిన ఊరు బిల్లుండ్. అక్కడి మున్సిపాలిటీలో కాల్టాఫ్ట్ అనే వ్యక్తి 1996 నవంబరులో ఉద్యోగంలో చేరాడు. తన ఇంట్లోనే చిన్నపిల్లల్ని చూసుకోవడం ఆయన పని, జీతం మున్సిపాలిటీ ఇస్తుంది. 1998లో పర్మనెంట్ అయింది. మొత్తం పదిహేనేళ్ల దాకా ఆ పని చేశాడు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 160 కిలోల పైమాటే, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 54. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన స్థూలకాయుడే. చేరినప్పుడు సన్నగా ఉండి తర్వాత లావెక్కిన మనిషి కాదు.

మున్సిపాలిటీ మొదట్లో సాయమే చేసింది. ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద 2008 జనవరి నుంచి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణకు డబ్బు కట్టింది. కొంత తగ్గాడు, మళ్లీ పెరిగాడు. కుటుంబ కారణాలతో ఏడాది సెలవు పెట్టి 2010 మార్చిలో తిరిగి పనిలో చేరాడు. అప్పటినుంచి పై అధికారి చెప్పకుండా ఇంటికి రావడం, బరువు ఎంతవరకు తగ్గిందని ఆరా తీయడం మొదలైంది. అదే ఏడాది ఊళ్లో పిల్లల సంఖ్య పడిపోయింది. ఆయనకు నలుగురు పిల్లలను చూసుకునే అనుమతి ఉంటే ముగ్గురే మిగిలారు. సిబ్బందిలో ఒకరిని తగ్గించాలన్నారు. ఆ ఒక్కరూ కాల్టాఫ్టే అని పై అధికారి నిర్ణయించారు.

2010 నవంబర్ 1న ఫోన్‌లో విషయం చెప్పారు. అదే రోజు జరిగిన సమావేశంలో, సిబ్బంది ప్రతినిధి ఎదురుగానే, "ఇంతమందిలో నన్నొక్కణ్ణే ఎందుకు?" అని ఆయన అడిగాడు. ఆ సమావేశంలో ఆయన బరువు ప్రస్తావనకు వచ్చిందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. దాన్ని ఎవరు, ఏ సందర్భంలో ఎత్తారు, నిర్ణయంలో దాని పాత్ర ఎంత అన్నదగ్గరే తేడా వచ్చింది. తర్వాత వచ్చిన నోటీసులో పిల్లల సంఖ్య తగ్గినందున పరిశీలించి నిర్ణయం తీసుకున్నామని రాశారు. బరువు వల్లే తీసేస్తున్నారని నమ్ముతున్నానంటూ ఆయన నవంబర్ 10న జవాబు రాశాడు. నవంబర్ 22 నాటి తొలగింపు లేఖ కారణంగా చూపింది మళ్లీ పిల్లల సంఖ్యనే. బరువు గురించి ఆయన రాసిన మాటకు అందులో బదులు లేదు.

పిల్లలు తగ్గడం నిజం, ఒకరిని తగ్గించాల్సి రావడం నిజం. దాంతో 'ఎందుకు తగ్గించారు' అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. 'ఇతన్నే ఎందుకు' అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఉద్యోగ వివక్ష కేసుల్లో చాలావరకు ఇక్కడే చిక్కుపడతాయి. తొలగింపుకు నిజమైన ఆర్థిక కారణం ఒకటి ఉంటుంది, దాని వెనకాల ఎంపిక జరుగుతుంది. అసలు పని ఆ ఎంపికలో జరుగుతుంది, కాగితం మీదికి వచ్చేది ఆర్థిక కారణమే.

వైకల్యమా కాదా అన్న ఉచ్చు

కాల్టాఫ్ట్ తరఫున కార్మిక సంఘం కోర్టుకెళ్లింది. కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా పోయింది. 2014 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. ఉద్యోగ వివక్షపై యూరోపియన్ యూనియన్ చేసిన చట్టంలో మతం, వైకల్యం, వయసు, లైంగిక అభిరుచి ఉన్నాయి గానీ బరువు లేదు. లేని అంశాన్ని కోర్టు తనంతట తాను చేర్చలేదు. అయితే ఊబకాయం వల్ల ఒక మనిషి మిగతావాళ్లతో సమానంగా పని చేయలేకపోతుంటే, అదీ చాలాకాలంగా ఉంటే, దాన్ని వైకల్యంగా చూడవచ్చని చెప్పింది. ఈ మనిషి విషయంలో అది ఉందో లేదో తేల్చమని కేసును డెన్మార్క్ కోర్టుకు వదిలేసింది.

ఆ తీర్పు వచ్చినప్పుడు ప్రపంచమంతా 'ఊబకాయం ఇక వైకల్యమే' అని హెడ్డింగులు పెట్టింది. తీర్పులో ఉన్నది అది కాదు. ఉన్నదాన్ని బట్టి కాల్టాఫ్ట్ ఏం నిరూపించాలో ఆలోచించండి. గెలవాలంటే 'నా బరువు నా పనికి అడ్డొచ్చింది' అని చెప్పాలి. ఆయన మొదటినుంచీ చెబుతున్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం: పదిహేనేళ్లుగా పిల్లల్ని చూసుకున్నాను, నేల మీద కూర్చుని ఆడించాను, నాకే ఇబ్బందీ లేదు అని. పిల్లల బూట్ల లేసులు కట్టడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చేదన్న ఆరోపణ పత్రికల్లో వస్తే ఆయన గట్టిగా ఖండించాడు. ఆ ఖండనే ఆయన కేసుకు అడ్డుపడింది. 2016లో కోల్డింగ్ కోర్టు, ఆయన పనికి ఆటంకం ఏదీ కనిపించడం లేదు కాబట్టి వైకల్యం లేదు అని తేల్చింది. కేసు ఓడిపోయాడు.

పని బాగా చేసిన లావు మనిషికి ఈ దారిలో రక్షణ లేదు. పని చేయలేని లావు మనిషికైతే రక్షణ ఉండొచ్చు. చట్టం చేసినవాళ్ల ఉద్దేశం ఇది కాకపోవచ్చు, కానీ బరువును వైకల్యం తలుపు గుండా లోపలికి తేవాలని చూస్తే వచ్చే ఫలితం ఇదే. అమెరికాలో కూడా ఫెడరల్ వైకల్య చట్టాల కింద ఇదే గొడవ. 1993లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక మహిళ గెలిచింది. మానసిక వికలాంగుల సంరక్షణ కేంద్రంలో గతంలో తాను బాగా చేసిన ఉద్యోగానికే మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే బరువు ఎక్కువని నిరాకరించారు. వైద్య పరీక్షలో పని చేయగలదనే తేలింది. ప్రమాదంలో రోగులను బయటికి తరలించలేదేమో, గుండెజబ్బు రావచ్చు, సెలవులు ఎక్కువ పెట్టవచ్చు అంటూ యజమాని కారణాలను బాహాటంగానే చెప్పుకొన్నాడు కాబట్టి ఆమెను 'వికలాంగురాలిగా ఊహించుకున్నారు' అని జ్యూరీ నమ్మింది. లక్ష డాలర్ల పరిహారం వచ్చింది. ఆ తర్వాత 2006 నుంచి 2019 దాకా పలు ఫెడరల్ అప్పీలు కోర్టులు దారిని కుదించేశాయి: ఊబకాయం వెనక ఏదో శారీరక రుగ్మత ఉందని చూపితే తప్ప వైకల్య చట్టం వర్తించదన్నాయి.

ఇదే కేసు మిషిగన్‌లో అయితే

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు బోలెడు. వాళ్లు పనిచేసే రాష్ట్రంలో ఇలాంటి చట్టం ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఇలియట్ లార్సన్ పౌర హక్కుల చట్టంలో జాతి, మతం, రంగు, వయసు, లింగం పక్కనే ఎత్తు, బరువు అన్న రెండు మాటలు 1976 నుంచీ ఉన్నాయి. డెమోక్రాట్ డెయిసీ ఇలియట్, రిపబ్లికన్ మెల్ లార్సన్ పేర్ల మీద ఆ చట్టం ఉంది. ఆ రోజుల్లో కనీస ఎత్తు, కనీస బరువు నిబంధనల వల్ల పోలీసు, జైలు ఉద్యోగాలకు ఆడవాళ్లు దూరమయ్యేవారు. అలబామా జైలు గార్డు ఉద్యోగానికి కనీసం 120 పౌండ్ల బరువు, 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు ఉండాలన్న నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1977లో కొట్టేసింది. అంటే అప్పటి వివాదాల్లో బరువు తక్కువైనవాళ్లూ ఉన్నారు. మిషిగన్ చట్టంలో కూడా రాసింది 'లావు' అని కాదు, 'బరువు' అని. బక్కగా ఉన్నందుకు వద్దన్నా అదే చట్టం వర్తిస్తుంది.

కాల్టాఫ్ట్ మిషిగన్ మనిషే అనుకుందాం. పనికి ఆటంకమా కాదా అన్న ప్రశ్న అసలు రాదు. నేను పని బాగా చేశానని చెప్పుకోవడం అక్కడ ఆయనకు బలమే అవుతుంది. 180 రోజుల్లోపు రాష్ట్ర పౌర హక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు, లేదా మూడేళ్లలోపు నేరుగా కోర్టుకెళ్లవచ్చు.

కోర్టులో ఆట సాధారణంగా మూడు అంచెల్లో నడుస్తుంది. 'బరువు ఎక్కువ కాబట్టే తీసేశాం' అని యజమాని అన్న మాటకు నేరుగా సాక్ష్యం ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే ఉద్యోగి ముందు నాలుగు విషయాలు చూపాలి: చట్టం చెప్పిన లక్షణం తనకు ఉంది, ఆ పనికి తాను తగినవాణ్ణి, తనకు నష్టం జరిగింది, ఆ నష్టం జరిగిన తీరు చూస్తే వివక్ష అనుమానం వస్తుంది. అప్పుడు యజమాని వంతు. చట్టబద్ధమైన కారణం ఒకటి చెబితే చాలు. ఆ తర్వాత ఆ కారణం పైపూత మాత్రమేనని ఉద్యోగి చూపాలి. కష్టమంతా ఈ మూడో అంచెలోనే.

కాల్టాఫ్ట్ చేతిలో ఏమున్నాయి? చెప్పకుండా వచ్చి బరువు గురించి ఆరా తీసిన అధికారి ఉన్నారు. తీసేయాల్సిన పేరు చెప్పిందీ ఆ అధికారే, కాబట్టి ఈ లంకె బలమైనది. తొలగింపు సమావేశంలో బరువు మాట వచ్చిందన్న ఒప్పుకోలు ఉంది. అందరిలో తనొక్కణ్ణే తీసేశారన్న వాస్తవం ఉంది. పదిహేనేళ్ల సర్వీసు ఉంది. లాయరు ఇక వెతకాల్సింది ఇవి: మిగతా ఉద్యోగుల దగ్గర అప్పుడు ఎంతమంది పిల్లలున్నారు? ముగ్గురే ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లు ఆయనకన్నా జూనియర్లా? గతంలో ఇలా తగ్గించినప్పుడు ఎవరిని, ఏ లెక్కన తీశారు? ఈ జవాబులన్నీ యజమాని బీరువాలోనే ఉంటాయి. కోర్టు కేసు నడిస్తే ఆ రికార్డులను బయటికి రప్పించే అవకాశం ఉంటుంది. గెలుస్తాడని ఖాయంగా చెప్పలేం, కానీ కోర్టు అడిగే ప్రశ్న సరైన ప్రశ్న అవుతుంది.

మరి మిషిగన్‌లో ఏటా బరువు మీద ఫిర్యాదులు వెల్లువెత్తుతాయా అంటే, లేదు. మొత్తం వివక్ష ఫిర్యాదుల్లో అవి కొద్దిగానే ఉంటాయి. యజమానులను కేసులు ముంచెత్తుతాయన్న భయం ఇక్కడ నిజం కాలేదు. అలాగని వివక్ష పోయిందని కూడా దానర్థం కాదు. వచ్చిన కేసులను చూస్తే వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. 2010లో ఒక హూటర్స్ రెస్టారెంట్ వెయిట్రెస్ వేసిన దావా అందరికీ తెలిసింది. యూనిఫారం ఇంకా బాగా పట్టాలంటూ ముప్ఫై రోజుల 'వెయిట్ ప్రొబేషన్' పెట్టారన్నది ఆమె ఆరోపణ. గడువు పెట్టారు, దానికొక పేరు పెట్టారు. కోర్టుకు పట్టుకోవడానికి ఒక పిడి దొరికింది. అదే రెస్టారెంట్ ఒక లావు అమ్మాయిని ఇంటర్వ్యూలోనే "మళ్లీ ఫోన్ చేస్తాం" అని పంపించేసి ఉంటే ఆ దావా పుట్టేదే కాదు. పైగా అమెరికాలో ఎక్కువ ఉద్యోగాల్లో తీసేయడానికి కారణమే చెప్పనక్కర్లేదు, చట్టం నిషేధించిన కారణం కాకపోతే చాలు.

రాసిన నిబంధన, రాయని ఎంపిక

రాసిపెట్టిన యజమాని ఎలా దొరుకుతాడో ఫ్రాన్స్ కేసు ఇంకా బాగా చూపిస్తుంది. అక్కడ 2001 నవంబరు నుంచి కార్మిక చట్టంలో 'శారీరక రూపం' అన్న మాటే ఉంది. ఒక పెద్ద రెస్టారెంట్లో వెయిటర్ చెవికి పోగులు పెట్టుకుని పనికి వచ్చాడు, తీయనన్నాడు. తొలగించారు. తొలగింపు లేఖలో యజమాని, మీరు ఒక మగవాడు, కస్టమర్ల ముందు నిలబడే హోదాలో ఉన్నారు, పోగులు ఒప్పుకోలేం అన్న అర్థం వచ్చేలా రాశాడు. 2012 జనవరిలో ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు ఆ లేఖనే పట్టుకుంది. రూపాన్ని లింగంతో ముడిపెట్టి తీసేసినట్టు యజమాని తానే రాసిచ్చాడంది. 'ప్రవర్తన బాగాలేదు' అని ఒక్క ముక్క రాసి ఉంటే కథ వేరేలా ఉండేది. అలా రాయమని సలహా ఇచ్చే లాయర్లు ఇప్పుడు అన్నిచోట్లా ఉన్నారు.

నిబంధన ఎంత వివరంగా రాసినా, దాన్ని తప్పనే చట్టం లేకపోతే లాభం లేదు. న్యూజెర్సీ అట్లాంటిక్ సిటీలో బోర్గాటా క్యాసినో 2005లో తన వెయిట్రెస్‌లకు ఒక లెక్క పెట్టింది: మొదట తూచిన బరువుకన్నా ఏడు శాతం మించకూడదు. 55 కిలోల అమ్మాయికి అది 58 కిలోల 850 గ్రాములు. ఇరవై మందికి పైగా కోర్టుకెళ్లారు. 2015లో అప్పీలు కోర్టు ఆ బరువు నిబంధనను తప్పు పట్టలేదు, ఎందుకంటే న్యూజెర్సీ చట్టంలో బరువు లేదు. వాళ్లలో కొందరికి మిగిలిన దారి వేరే ఉంది: గర్భం, అనారోగ్యం సమయంలో ఆ తూకాన్ని అమలుచేసిన తీరు లైంగిక వేధింపు కిందకి వస్తుందని వాదించడం.

ఇక రాయని ఎంపిక సంగతి. స్వీడన్‌లో డాన్ ఒలోఫ్ రూత్ అనే ఆర్థికవేత్త చేసిన ప్రయోగం 2009లో వచ్చింది. దరఖాస్తుకు జతచేసే ఫోటోను కంప్యూటర్లో మార్చి, మనిషిని లావుగా చూపి, నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపాడు. ఇంటర్వ్యూకి పిలిచే శాతం మగవాళ్లకు 6 పాయింట్లు, ఆడవాళ్లకు 8 పాయింట్లు తగ్గింది. ఉద్యోగాల మార్కెట్‌లో వివక్ష ఉందనడానికి ఇది గట్టి సాక్ష్యం. కానీ ఈ సంఖ్యను పట్టుకుని ఒక మనిషి కోర్టుకెళ్లలేడు. వందలో ఎనిమిది పిలుపులు పోయాయని తెలుస్తుంది, తనకు రాని పిలుపు ఆ ఎనిమిదిలోదో కాదో తెలియదు.

ఫ్రాన్స్ ఈ ఖాళీని పూడ్చాలని చూసింది. 2006 మార్చి చట్టంతో, ఇలా ఒక్క లక్షణంలోనే తేడా ఉండే జంట దరఖాస్తులు పంపి పట్టుకున్న సాక్ష్యాన్ని క్రిమినల్ కోర్టులు అంగీకరించేలా చేసింది. అదే చట్టంలో యాభై మంది, అంతకు మించి ఉన్న కంపెనీలు పేరు, ఫోటో లేని దరఖాస్తులే చూడాలని కూడా పెట్టింది. నివారణ అంటే అదీ, ఎంపిక చేసేవాడికి రూపం కనబడకుండా చేయడం. కానీ దాన్ని అమల్లోకి తెచ్చే ఉత్తర్వు ప్రభుత్వం జారీ చేయనే లేదు. 2014లో అక్కడి పరిపాలనా న్యాయస్థానం ఉత్తర్వు ఇవ్వమని ఆదేశించింది. 2015లో ప్రభుత్వం చట్టాన్నే మార్చి అది కంపెనీల ఇష్టం అనేసింది. పార్లమెంటు 2006లో ఓటేసిన నిబంధన ఒక్కరోజు కూడా అమలు కాకుండానే పోయింది.

బరువు, ఎత్తు అయితే కొలవడానికి తూకం, టేపు ఉన్నాయి. 'అందం' దగ్గరికొస్తే అదీ లేదు. వాషింగ్టన్ డీసీ చట్టం 1977 నుంచీ వ్యక్తిగత రూపం మీద వివక్షను నిషేధించింది. శరీర లక్షణాలు, దుస్తులు, జుట్టు, గడ్డం అన్నీ అందులోకి వస్తాయి. అయితే వ్యాపార అవసరం కోసం అందరికీ ఒకేలా వర్తించే నియమం పెడితే తప్పు కాదని కూడా అదే చట్టంలో ఉంది. పరిధి పెద్దదయ్యేకొద్దీ మినహాయింపు కూడా పెద్దదవుతుంది. న్యూయార్క్ నగరం 2023లో చట్టం చేసినప్పుడు ఎత్తు, బరువు రెండే తీసుకుంది, ముఖం జోలికి పోలేదు. ఆ ఏడాది నవంబర్ 22 నుంచి అమల్లో ఉంది. ఆ పనికి ఫలానా ఎత్తో బరువో నిజంగా కావాలని చెబితే మినహాయింపు ఉంటుంది గానీ, దాన్ని చూపాల్సిన భారం యజమానిది.

మన దగ్గర

కాల్టాఫ్ట్‌ను ఇప్పుడు హైదరాబాద్‌కు తీసుకొద్దాం. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన ఊరు, నివాసం ఆధారంగా వివక్ష వద్దంటుంది. రూపం లేదు, బరువు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాలున్నాయి. మరుగుజ్జుతనం ఉంది, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, కుష్ఠు నయమైనవాళ్లు ఉన్నారు. అంటే ముఖం కాలిన మనిషికి, పొట్టిగా పుట్టిన మనిషికి ఎంతో కొంత ఆసరా ఉంది. ఊబకాయం ఆ జాబితాలో లేదు.

మన కోర్టుల్లో బరువు మీద నడిచిన పెద్ద పోరాటం ఎయిర్ హోస్టెస్‌లది. అప్పట్లో ప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్, బరువు పరిమితి దాటినవాళ్లను విమానం ఎక్కనివ్వలేదు. 2007లో ఢిల్లీ హైకోర్టు సంస్థ వైపే నిలిచింది. పట్టుదల ఉంటే నత్త కూడా నోవహు ఓడను చేరుకోగలిగింది, ఈ మహిళలు తూకం ముల్లును ఎందుకు తిప్పలేరు అని తీర్పులో చమత్కరించింది కూడా. బరువు తగ్గించుకోవడం చేతిలో పనే కదా అన్న నమ్మకం ఆ వాక్యంలో ఉంది. కులంలాగా పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి రక్షణ ఎందుకన్న వాదన ప్రపంచంలో ఎక్కడైనా ఈ చట్టాలకు ఎదురొచ్చే మొదటి అడ్డంకి. బిల్లుండ్‌లో ఏడాదిపాటు ప్రభుత్వ ఖర్చుతో వ్యాయామం చేసి, తగ్గి, మళ్లీ పెరిగిన మనిషి కథ ఆ నమ్మకానికి సరిపోదు. 2009 జనవరిలో ఎయిర్ ఇండియా పది మందిని బరువు పేరుతో ఉద్యోగంలోంచి తీసేసింది.

2014లో పౌర విమానయాన డైరెక్టరేట్ విమాన సిబ్బందికి బీఎంఐ లెక్క పెట్టింది. మగవాళ్లకు 25 దాకా నార్మల్, ఆడవాళ్లకు 22 దాకా. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషిని తీసుకుంటే మగవాడైతే 64 కిలోల దాకా పర్వాలేదు, ఆడమనిషైతే 56 కిలోల 300 గ్రాములు దాటగానే ఎక్కువ బరువు కింద లెక్క. విమానంలో మంటలొస్తే తలుపు తెరవడానికి ఎంత ఫిట్‌నెస్ కావాలో అది ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఈ ఎనిమిది కిలోల తేడా దేనికో? బరువు మీద చట్టం లేకున్నా లింగ వివక్ష మీద ఉంది కాబట్టి, ఇలా రాతలో ఉన్న తేడాను ప్రశ్నించే దారి ఉంటుంది. మన పోలీస్ కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో మగవాళ్లకు 167.6, ఆడవాళ్లకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు కూడా రాతలో ఉన్నదే, మంచో చెడో అందరికీ కనిపిస్తుంది. 2022లో కేరళ అట్టప్పాడిలో ఒక గిరిజన యువకుడు అటవీ శాఖ ఉద్యోగానికి రాత పరీక్ష, శారీరక పరీక్ష రెండూ పాసయ్యాక, పళ్లు ఎత్తుగా ఉన్నాయని వైద్య ధ్రువపత్రంలో రాయడంతో ఉద్యోగం పోయింది. ఆ కాగితం ఉంది కాబట్టే విషయం బయటికొచ్చింది, రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్ తనంతట తాను కేసు తీసుకుంది.

ఈ దారులన్నీ యజమాని ప్రభుత్వమైతేనే. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లాక, ఆ సంస్థ మీద ఉద్యోగులు హైకోర్టులో రిట్ వేయడం కుదరదని 2024 మే 16న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు జీతాలు, ప్రమోషన్ల గురించి. అయినా సంస్థ ప్రైవేటు కాగానే ఉద్యోగికి ఏ తలుపు మూసుకుపోతుందో దాంతో తెలిసింది.

హైదరాబాద్‌లో ప్రైవేటు షోరూమ్‌లోనో ఆఫీసులోనో పనిచేసే మనిషికి మిగిలేది దుకాణాలు, సంస్థల చట్టం. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. తీసేస్తే కార్మిక శాఖ అధికారి ముందు అప్పీలు చేయవచ్చు. యాజమాన్య హోదాలో ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. ఇందులో బరువు అన్న మాట లేకపోయినా 'సహేతుకమైన కారణం' అన్న మాట ఉంది. పని బాగా చేస్తున్న సేల్స్ గర్ల్‌ను లావెక్కిందని తీసేయడం సహేతుకమా అని వాదించవచ్చు. అలా వాదించాలనుకునేవాళ్లకు పనికొచ్చేవి కాల్టాఫ్ట్ కేసులో లాయరు వెతకాల్సినలాంటివే: సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్, "కొంచెం తగ్గు" అన్నప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ తేదీన అన్నారు, తన తర్వాత చేరినవాళ్లలో ఎవరిని ఉంచారు. వీటిని అదే రోజు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్న మనిషి మాటకు, ఆరు నెలల తర్వాత గుర్తుచేసుకుని చెప్పే మనిషి మాటకన్నా విలువ ఎక్కువ.

కానీ 47వ సెక్షన్ ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. ఫుల్ సైజ్ ఫోటో పంపి, ఫోన్ రాక ఊరుకున్న ఆ ముప్ఫై నాలుగు మందికి అది వర్తించదు. వాళ్ల దగ్గర సాక్ష్యంగా ఉండగలిగింది గోడ మీది ఆ కాగితం ఒక్కటే, దాన్ని తప్పు పట్టే చట్టం మన దగ్గర ఇంకా రాలేదు.